ఏడు నెలల మర్యాద

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ ‘పర్లేదుగారు’ అనేవారు. టీ చల్లారిపోయినా పర్లేదు, సెలవు రద్దయినా పర్లేదు. కాలు తొక్కినవాడు క్షమాపణ చెప్పేలోపే ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చేసేది. అలా ముప్పై మూడేళ్లు గుమాస్తాగా నెట్టుకొచ్చి, రిటైర్మెంటు ముంగిట్లో సూపరింటెండెంటు అయ్యారు. నెలాఖరుకు ఇంటికి వెళ్లిపోతున్నారు.

ఆ రోజు పెన్షన్ సెక్షన్‌లోకి అడుగుపెట్టగానే మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఎప్పుడూ ఆయన్ని ఆటపట్టించే టైపిస్టు తల వంచుకుని, లేని కాగితాన్ని వెతకడం మొదలుపెట్టాడు. సెక్షన్ అమ్మాయి లేచి, తన కుర్చీయే ఆయనవైపు జరిపింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల.

“కూర్చోండి బాబాయ్. మంచినీళ్లు తాగుతారా?”

అడక్కుండా నీళ్లిచ్చే చోట ఎవరికైనా భయమేస్తుంది. పర్లేదుగారికీ వేసింది.

“నీళ్లెందుకమ్మా! సగమే కదా లెక్క? యాభై వేల జీతం, పాతికవేలు పెన్షన్. దీనికి ఇంత మర్యాదా?”

ఆ పాతికవేల మీద ఆయన అప్పుడే ఒక ఇల్లు కట్టేసుకున్నారు. కట్టడమంటే కట్టడం కాదు, అద్దెకి మాటిచ్చారు. ఇప్పుడుంటున్నది మూడో అంతస్తు. భార్య మోకాళ్లు అరిగిపోయి, మెట్లు దిగడమంటే ఆవిడకి ఆసుపత్రి ప్రయాణమే. అందుకే పక్క వీధిలో నేలమీద ఇల్లు చూశారు. అద్దె మూడువేలు ఎక్కువ. పాతికవేలొస్తే గట్టెక్కుతుంది, తగ్గితే లేదు. ఈ సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకొకరికి ఇస్తానన్నాడు ఇంటాయన.

“సగమే బాబాయ్. కానీ ఆఖరి జీతంలో సగం కాదు. ఆఖరి పది నెలల సగటులో సగం.”

“ప్రమోషన్ ఆర్డరొచ్చి పది నెలలైందిగా!”

“ఆర్డరొచ్చింది. మీరు చార్జి తీసుకుని మూడు నెలలే అయింది.”

పర్లేదుగారు అప్పుడు కూర్చున్నారు.

ఆర్డరొచ్చిన రోజు పాత సూపరింటెండెంటు ఆయన భుజం మీద చెయ్యేశాడు. అతన్ని అదే హోదాలో, అదే జీతం మీద పై ఆఫీసుకి మార్చారు. కానీ ఇరవయ్యేళ్లుగా కూర్చున్న కుర్చీ మీద మమకారం. “తమ్ముడూ, నాకింక ఏడు నెలలే సర్వీసు. ఇక్కణ్ణుంచే దండ వేయించుకుని పోతాను. కాస్త ఓపిక పట్టవూ?” అన్నాడు. ఇంకేముంది, ఆ మాట వచ్చేసింది. ఇద్దరూ కలిసి గడువు కోరుతూ అర్జీ పెట్టారు. ఆఫీసరు ‘సరే’ అన్నాడు. ఆ ఏడు నెలలూ పాత కుర్చీలో, పాత జీతం మీద మన పెద్దమనిషి మర్యాదగా ఎదురుచూశారు. సన్మానం రోజున దండ పట్టుకొచ్చింది కూడా ఆయనే.

“ఏడు నెలలు నలభైవేల చొప్పున, మూడు నెలలు యాభైవేల చొప్పున. సగటు నలభైమూడు వేలు. అందులో సగం ఇరవైఒక్క వేల ఐదువందలు,” అంది ఆ అమ్మాయి, ఆయన ముఖం చూడకుండా. “ఆర్డరొచ్చిన రోజే చేరుంటే పాతికవేలూ వచ్చేవి.”

“మరి... వెనకటి తేదీ వేసి చేరినట్టు...”

“మీరే రాసిచ్చారు కదా బాబాయ్, ఇప్పుడు చేరలేనని. అది ఫైల్లో ఉంది.” ఫైలు మూసి, “పాత సూపరింటెండెంటుగారు అప్పుడే లేచి వెళ్లినా ఆయనకి ఒక్క రూపాయి తగ్గేది కాదు,” అంది.

ఆ ఆఖరి మాట చెప్పకపోయినా బాగుండేది.

ఆయన బయటికొచ్చారు. ఆకాశం మూసుకుపోయి ఉంది. పక్క వీధిలో నేలమీది ఇంటి తలుపులు బార్లా తీసున్నాయి. లోపల ఇంటాయన ఎవరికో వంటగది చూపిస్తున్నాడు. పర్లేదుగారు గోడవారగా, అప్పున్నవాడిలా తల దించుకుని దాటిపోయారు.

ఇంటికొచ్చారు. మెట్ల కింద, చివరి మెట్టు మీద భార్య కూర్చునుంది. ముఖమంతా చెమట, ఒళ్లో తాళాలగుత్తి.

“ఒక్కదానివే దిగావా? ఎందుకు?”

“కొత్తింట్లో వంటగది ఎటుందో చూసొద్దామని. వీధి మలుపు దాకా వెళ్లాను. ఇక కాళ్లు రాలేదు. పోనీలెండి, వచ్చే నెల్నుంచి అక్కడే కదా!”

ఆయన చెయ్యందించారు. ఆవిడ బరువంతా ఆయన భుజం మీద వేసి ఒక్కో మెట్టే ఎక్కసాగింది. చీకటి మలుపులో, మొదటి అంతస్తు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుంటూ ఆయన ముఖంలోకి చూసింది.

“ఏమన్నారు ఆఫీసులో?”

“పైకెక్కాక చెబుతాను.”

“ఇక్కడే చెప్పండి. పైకెక్కాక చెబితే, ఇల్లు చూడ్డానికి మళ్లీ దిగలేను.”

ఆయన రెయిలింగు గట్టిగా పట్టుకున్నారు.

“దిగే పని లేదే,” అన్నారు.