మా నాన్న ఏ మూల నిలబడాలి?

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. చదువు పూర్తయి, మెడలో ఐడీ కార్డు పడి, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో కూర్చోవడానికి సొంత కుర్చీ దొరికిన కొత్తలో ఎవరికైనా అంతేనేమో. ఏ విషయమైనా సరే, ఎవరైనా నోరు తెరిచేలోపే నా దగ్గర అభిప్రాయం సిద్ధంగా ఉండేది. ఆ అభిప్రాయాలు ఎక్కడినుంచి వస్తున్నాయో నేనెప్పుడూ అడగలేదు, అవీ చెప్పలేదు. ఇద్దరం హాయిగా ఉండేవాళ్లం.

మా కంపెనీ టీనేజ్ పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక యాప్ నడిపేది. అందులో వ్యాసాలు రాయడం నా పని. మా బాస్‌ని అందరం చాటుగా 'స్కేల్ సార్' అనేవాళ్లం. టీ బాగుందని చెప్పినా "బాగుంది సరే, దీన్ని స్కేల్ చేయగలమా?" అని అడిగే మనిషి. ఒకరోజు నా టేబుల్ దగ్గరకొచ్చి, "మన యూజర్లలో సగం మంది కోస్తా నుంచి వచ్చి సెటిలైన వాళ్లు, సగం మంది ఇక్కడి వాళ్లు. ఎవరి పెంపకంలో పిల్లలకి మార్కులు బాగా వస్తున్నాయి? కంపేర్ చేసి రాసెయ్. మంట పుట్టాలి. అది చూశాక నీ ఉద్యోగం కన్ఫర్మేషన్ సంగతి మాట్లాడదాం" అన్నారు.

జవాబు నాకు ముందే తెలుసు. కోస్తా వాళ్లు కట్టుదిట్టం, కాబట్టి మార్కులు. ఇక్కడి వాళ్లు చూసీచూడనట్టు వదిలేస్తారు, కాబట్టి అంతంత మాత్రం. ఇంత పెద్ద సత్యానికి నా దగ్గరున్న ఆధారం ఒక్కటే ఇల్లు. అది మాదే. (నాన్న ప్రభుత్వోద్యోగం మీద కాకినాడ నుంచి బదిలీ అయి వచ్చాక మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నారు. లెక్కల పేపరు ఇచ్చిన రోజు ఆయన గొంతు మూడు బ్లాకులకు వినిపించేది. నాకు మార్కులు వచ్చేవి. ఇంకేం కావాలి?)

అయినా పద్ధతి ప్రకారం పోవాలని పుస్తకాలు తిరగేశాను. పెంపకాన్ని రెండు కొలతలతో చూస్తారట. ఒకటి ఆప్యాయత, పిల్లల మాట వినడం. రెండోది క్రమశిక్షణ, అంటే నియమాలు పెట్టి వాటిని నిలబెట్టడం. రెండూ ఉంటే ఒక రకం తల్లిదండ్రులు, ఉత్త క్రమశిక్షణే ఉంటే ఇంకో రకం, ఉత్త ఆప్యాయతే ఉంటే మరో రకం, ఏదీ లేకపోతే నాలుగో రకం. మొదటి రకం పిల్లలు సగటున చదువులో కాస్త మెరుగ్గా ఉంటారనీ, అయితే అన్ని సమాజాల్లో ఇది ఒకేలా ఉండదనీ రాసి ఉంది. 'అయితే' దగ్గర నేను పేజీ తిప్పేశాను.

ప్రశ్నలు తయారుచేసి మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు పంచాను. ఇక్కడి పిల్లల కోసం మా ఆఫీసులో డేటా చూసే అక్కని పట్టుకున్నాను. ఆమెది తెల్లాపూర్ పాత ఊరు. ఎవరు సగటు లెక్క చెప్పినా లోపల ఏముందో విప్పి చూపించమంటుంది కాబట్టి ఆమె పేరు సగటక్క. వాళ్ల వాడకట్టు వీధుల్లో పిల్లలచేత రాయించి తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను అనుకున్నదే! ఆ ఊపులో వ్యాసం రాసిపారేశాను. మా వాళ్లని పులులన్నాను. ఇక్కడి వాళ్లని ఏమన్నానో ఇప్పుడు చెప్పను.

సగటక్క చదివి కళ్లద్దాలు తీసింది. "ఏందే గిట్ల రాసినవ్? మీ అపార్ట్‌మెంట్ల అందరు డిగ్రీలు చదివినోళ్లు, ట్యూషన్లు పెట్టిచ్చేటోళ్లు. మా వాడకట్టుల ఆటో నడిపేటోళ్లున్నరు, బాలానగర్ ఫ్యాక్టరీలకు పోయేటోళ్లున్నరు. నువ్వు పెంపకాన్ని పోలుస్తున్నవా, జీతాలను పోలుస్తున్నవా?"

"అక్కా, సంస్కృతి అనేది ఒకటుంటుంది కదా!" అన్నాను.

"ఉంటది. గని నువ్వు కొలిసింది దాన్ని కాదు."

ఇక్కడి మనిషి కదా, మనసు నొచ్చుకుందిలే అనుకున్నాను. (ఎంత ఉదారంగా క్షమించానో!)

స్కేల్ సార్‌కి మాత్రం వ్యాసం తెగ నచ్చింది. యాప్‌లో వేసే ముందు హడావుడి ఉండాలని తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సభ పెట్టించారు. అక్కడ కోస్తా వాళ్లూ ఇక్కడి వాళ్లూ పక్కపక్క విల్లాల్లో ఉంటారు. అవే ఐటీ ఉద్యోగాలు, పిల్లలు వెళ్లేదీ అవే స్కూళ్లకి. సగటక్క నా చెవిలో, "ఇగ సరిసమానంగ పోల్చొచ్చు, సూడు" అంది. ఆ మాటలో ప్రమాదం నాకు కనబడలేదు. నేను మైకు పట్టుకోవడం చూడాలని అమ్మ, నాన్న, ఇంటర్ చదివే మా తమ్ముడు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. హాలు నాలుగు మూలల్లో నాలుగు బోర్డులు పెట్టించి, "అమ్మలూ నాన్నలూ, మీరే రకమో ఆ మూలకి వెళ్లి నిలబడండి" అన్నాను. ఆప్యాయత, క్రమశిక్షణ రెండూ ఉన్న మూల క్షణంలో పెళ్లి భోజనాల బంతిలా నిండిపోయింది. ఉత్త క్రమశిక్షణ మూలలో మా నాన్నతోపాటు కొందరు మీసాలవాళ్లు చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డారు. గారాబం మూలకి మా అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెళ్లింది. నాలుగో మూలలో మంచినీళ్ల క్యాన్ తప్ప ఎవరూ లేరు.

అప్పుడు రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "ఆంటీ, మా పేరెంట్స్‌ని మేం నిలబెట్టొచ్చా?" (ఆంటీ! ఇరవై మూడేళ్లకి!)

ఆ మంటలో "ఓ, నిలబెట్టండి" అనేశాను.

ఆ తరువాత జరిగినదాన్ని సభ అనరు. పిల్లలు ఒక్కసారి లేచి అమ్మానాన్నల్ని చేతులు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. మా తమ్ముడు ముందు నాన్నని లాగాడు. "నాన్న అరుస్తాడు కానీ ఎందుకరుస్తున్నాడో చెప్పి మరీ అరుస్తాడు. మనం చెప్పింది నచ్చితే అరుపు ఆపేస్తాడు. నువ్వు రెండూ ఉన్న మూల, నాన్నా!" తరువాత అమ్మని తెచ్చి, మీసాలవాళ్ల మధ్య నిలబెట్టాడు.

"ఏరా! నేనెప్పుడన్నా నిన్ను ఒక్క మాటన్నానా?"

"అనవు. ఫ్యాన్ కింద కూర్చుని నిట్టూరుస్తావు. దానికన్నా నాన్న అరుపే నయం."

"అయ్యో, నేనెక్కడ నిట్టూర్చానురా?" అని అమ్మ హాలంతా వినబడేలా నిట్టూర్చింది. అక్కడున్న పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"నేను స్ట్రిక్ట్‌గా ఉంటా కాబట్టే మావాడు చదువుతున్నాడండీ" అంటున్న ఒకాయన్ని కొడుకు మధ్యలోనే ఆపాడు. "నాకు మార్కులు తగ్గినంకనే డాడీ స్ట్రిక్ట్ అయిండు. ముందుగాల ఇద్దరం కల్సి క్రికెట్ చూస్తుంటిమి." సగటక్క నావైపు చూసింది. నా వ్యాసంలో కట్టుదిట్టం ముందు, మార్కులు వెనక. ఇక్కడేమో మార్కులు ముందు, కట్టుదిట్టం వెనక. ఒక్కసారి రాయించుకున్న కాగితంలో ఏది ముందో ఏది వెనకో కనబడదు కదా!

ఒక అమ్మాయి "మా బాపు మస్తు స్ట్రిక్ట్" అంది. పాపం అనబోయాను. చూస్తే ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "పరీక్షలుంటే నాతోనే లేస్తడు. చాయ్ గూడ ఆయనే పెడ్తడు." ఆమె పక్కనున్న అమ్మాయి "మా నాన్నా స్ట్రిక్టే" అని తల దించుకుంది. మార్కులు తగ్గితే ఆయన మాట్లాడ్డం మానేస్తాడట. నా కాగితంలో ఇద్దరూ ఒకే గడిలో టిక్కు పెట్టేవాళ్లు.

పరువు నిలుపుకోవాలని ఆఖరి అస్త్రం తీశాను. "సరే, మీ పిల్లలు ఏ వేళలో ఎక్కడుంటారో కచ్చితంగా తెలిసినవాళ్లు ఎవరు?" ఏలూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన ఫోన్ పైకెత్తాడు. "మా అమ్మాయి ఎక్కడున్నా ఇందులో చుక్కలా కనబడుతుందండీ."

"ఫోన్ ఎక్కడుందో మా నాన్నకి ఎప్పుడూ తెలుసు. దాన్ని ఫ్రెండ్ ఇంట్లో పెట్టి వెళ్తాను" అంది కూతురు.

ఇంకొకాయన మెల్లిగా, "మా పోరడు యాడున్నడో నాకు ఎరుకనే" అన్నాడు. ఆయనది పక్కనే కొల్లూరు. "నిఘా బాగా పెట్టారన్నమాట!" అన్నాను ఆశగా.

"నిఘా ఏంది అక్కా, నేనే చెప్త" అన్నాడు వాళ్లబ్బాయి. "చెప్తే తిట్టడు గద."

ఈలోగా హాలు మూలలన్నీ కలగాపులగమైపోయాయి. ఒకే ఇంటి మొగుడూ పెళ్లాం ఎదురెదురు మూలల్లో తేలారు. ఒకావిడని పెద్దకొడుకు గారాబం మూలకీ, చిన్నకూతురు క్రమశిక్షణ మూలకీ లాగుతుంటే ఆవిడ మధ్యలో నవ్వు ఆపుకోలేక కూలబడింది. ఏ మూలనైనా కోస్తా యాసా, తెలంగాణ యాసా కలిసే వినబడుతున్నాయి. ఎవరిది ఏ ఊరో తెలియకుండా, నిలబడ్డ చోటు చూసి చెప్పమంటే నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

అప్పుడు, వెనక వరసలో తండ్రి పక్కన కూర్చున్న స్కేల్ సార్ పన్నెండేళ్ల కూతురు లేచింది. తండ్రి చెయ్యి పట్టుకుని, ఎవరూ లేని నాలుగో మూలకి తీసుకెళ్లి నీళ్ల క్యాన్ పక్కన నిలబెట్టింది. కోపంగా కాదు, పెన్సిల్‌ని డబ్బాలో పెట్టినంత మామూలుగా. "నువ్వు మంచోడివే డాడీ. ఇంటికొస్తే కదా ఏ రకమో తెలిసేది."

అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. తరువాత ఆయన నవ్వు ఆగిపోయింది. జేబులో ఫోన్ మోగితే చూడకుండానే ఆపేశారు. ఆయన అలా చేయడం నేను చూడటం అదే మొదటిసారి.

సోమవారం పాత వ్యాసం చెరిపేసి మళ్లీ రాశాను. ఈసారి సగటక్క పక్కనే కూర్చుంది. రెండు ప్రాంతాల మధ్య ఉన్న తేడా కన్నా ఒకే ప్రాంతంలో ఇంటికీ ఇంటికీ ఉన్న తేడానే ఎక్కువనీ, పోల్చాలంటే ముందు చదువులూ సంపాదనలూ సమానంగా ఉన్నవాళ్లని తీసుకోవాలనీ రాశాను. 'స్ట్రిక్ట్' అన్న మాటకి ఒక ఇంట్లో ఉన్న అర్థం పక్కింట్లో ఉండదనీ, అందుకని అమ్మానాన్నల్నే కాక పిల్లల్నీ అడగాలనీ, పెంపకం మార్కుల్ని మార్చినట్టే మార్కులూ పెంపకాన్ని మారుస్తాయనీ రాశాను. మేము చూసింది గుప్పెడు ఇళ్లే కాబట్టి దీన్ని కూడా పూర్తిగా నమ్మొద్దని చివర్న చేర్చాను.

స్కేల్ సార్ రెండుసార్లు చదివారు. "ఇది వైరల్ కాదు."

"కాదు సార్."

"వేసెయ్" అని బ్యాగు సర్దుకున్నారు. ఇంకా సాయంత్రం కూడా కాలేదు. వ్యాసం కింద వచ్చిన మొదటి కామెంట్ నాకింకా గుర్తుంది. 'ఇంతకీ ఎవరు బెస్టో చెప్పనేలేదు.' ఉద్యోగం మాత్రం ఖాయమైంది.

ఇన్నేళ్ల తరువాత మొన్న లిఫ్ట్‌లో, కొత్తగా దిగిన పై అంతస్తు ఆవిడ మా పాపని ముద్దు చేస్తూ "మీరు పిల్లలతో స్ట్రిక్టాండీ, ఫ్రీయా?" అని అడిగింది. నేను ఆలోచించాను. పొద్దున పళ్లు తోమించేటప్పుడు ఒక రకం, ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఇంకో రకం, ఆఫీసు కాల్‌లో ఉంటే... అని లెక్క వేస్తుండగానే మా అంతస్తు వచ్చేసింది. పాప నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తలుపులు మూసుకుంటుంటే ఆవిడ ఇంకా నా జవాబు కోసం చూస్తూనే ఉంది. ఆ ఇరవై మూడేళ్ల పిల్లయితే లిఫ్ట్ కదలకముందే చెప్పేసేది. ఎంత ధీమా దానికి! అప్పుడప్పుడు ఆ ధీమా మీద బెంగ కలుగుతుంది, దాన్ని మాత్రం మళ్లీ ఇంటికి పిలవను.