లిడియా టీచరు అడిగిన లెక్క

లిడియా టీచరుకి కోపం రాదని గుండుగొలనులో అందరూ అనుకునేవారు. రాకపోవడమేమిటి, వచ్చిన కోపం పోయేది కాదు. ఊరగాయ పెట్టినట్టు పెట్టి, జాడీ మూతి గుడ్డతో కట్టి దాచుకునే రకం ఆవిడ. పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టకుండా ఇరవయ్యెనిమిదేళ్లు మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో పాఠం చెప్పి రిటైరైందంటే శాంతమూర్తి అనుకోవడం లోకుల అమాయకత్వం.

ఆ జాడీ మూత తీసింది వరలక్ష్మి. ఇద్దరూ ఒకే స్కూల్లో ఒకే రోజున చేరి, ఒకే నెలలో రిటైరైన టీచర్లు. 2006 ఎండాకాలంలో పెన్షన్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు బ్యాంకు అరుగు మీద కూర్చుని వరలక్ష్మి మాటల్లో అంది:

"మనకి ఆఖరి జీతంలో సరిగ్గా సగం పెన్షనండి. అంతకి తగ్గదు. సర్వీసు ఇరవయ్యెనిమిదేళ్లు, పైన వాళ్లు కలిపే అయిదేళ్లు, మొత్తం ముప్ఫైమూడు. అంటే పూర్తి పెన్షన్."

లిడియా పాస్‌బుక్కు తీసి చూసుకుంది. మనసులో లెక్క కట్టింది. ఒకటో తరగతి పిల్లలకి కూడికలు నేర్పినావిడకి అదెంత పని. ఆవిడకి సగం రావడం లేదు. రెండేళ్లుగా రావడం లేదు.

"నాకెందుకు తగ్గిందండీ?" అంది.

"ఏమోనండి, ఆఫీసులో అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు కదా."

మర్నాడే ఏలూరు బస్సెక్కింది. మిషన్ స్కూళ్ల టీచర్లకి పెన్షన్ ఖరారు చేసేది అక్కడి ఆడిట్ ఆఫీసు. ఆ సెక్షన్లో భీమశంకరం అనే పెద్దాయన ఉన్నాడు. కాగితాల కట్టల మధ్య కూర్చుని ఆవిడ చెప్పినదంతా తాపీగా విన్నాడు.

"మీ సర్వీసులో కొంత కాలం లెక్కలోకి రాలేదమ్మా," అన్నాడు.

"ఏ కాలమండి?"

"ఫైలు చూడాలి. నేను నోటితో చెప్తే మీకు ఉపయోగం ఉండదు. పెన్షన్ ఎలా కట్టారో లెక్క రాతపూర్వకంగా ఇమ్మని ఉత్తరం రాయండి. ఇప్పుడు సమాచార హక్కు చట్టం వచ్చిందిగా, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వండి. కాగితంతో కాగితమే మాట్లాడాలమ్మా."

ఇంటికొచ్చి, ఒకటో తరగతి పిల్లలకి పలక మీద రాసిచ్చినంత గుండ్రటి అక్షరాలతో ఉత్తరం రాసింది. 'నా ఆఖరి జీతమెంతగా తీసుకున్నారు, ఎన్నేళ్ల సర్వీసు లెక్కించారు, ఏ కాలం తీసేశారు, ఎందుకు తీసేశారు, దయచేసి లెక్క చూపగలరు.' కూతురు జాయ్సీ పక్కన నిలబడి చదివింది. ఆ అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. వంకర మాట రాదు.

"ఇచ్చిందేదో తీసుకోక ఎందుకమ్మా ఈ గొడవ? ఉన్నది కూడా ఆపేస్తే?"

"ఆపితే ఆపనీ. ఎందుకు ఆపారో అది కూడా రాసిమ్మంటాను," అంది లిడియా.

నెల తిరగకుండా జవాబొచ్చింది. ఒక్క కాగితం. టైపు చేసిన లెక్క. మొత్తం సర్వీసు ఇరవయ్యెనిమిదేళ్లు. అందులో తీసివేత: సస్పెన్షన్ కాలం, రెండున్నరేళ్లు. కారణం: ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ యాజమాన్యం ఉత్తర్వు సర్వీసు రిజిస్టరులో లేదు. మిగిలింది ఇరవయ్యైదున్నర, కలిపినవి అయిదు, వెరసి ముప్ఫైన్నర. ఆరేసి నెలల చొప్పున అరవైయొక్క అర్ధ సంవత్సరాలు. జీతంలో సగాన్ని పూర్తి సర్వీసు తాలూకు అరవైయారుతో భాగించి అరవైయొకటితో గుణించారు. లెక్కలో తప్పు లేదు. ఆఫీసు వాళ్లని తిట్టడానికి వీల్లేదు. తిట్టాల్సిన మనిషి మరొకడున్నాడు.

లిడియా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి ఒళ్లో పెట్టుకుంది. బాధ కాదు, సంతోషం. ఇన్నాళ్లకి ఆనంద్ పాల్ గారు చేసిన పని ప్రభుత్వం వారి టైపులో దొరికింది.

ఆనంద్ పాల్ ఆ మిషన్ స్కూలుకి యాజమాన్యం తరఫు కరస్పాండెంటు. అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే. ఆ రోజుల్లో జీతాలు ఆయన ఇంటి ముందుగదిలో ఇచ్చేవారు. టీచరు వచ్చి పుస్తకంలో సంతకం పెట్టడం, జీతం లెక్క చూసుకోవడం, అందులో పదోవంతు తీసి బల్ల మీద గుడ్డసంచిలో వేసి వెళ్లడం. దశమభాగం అనేవారు. వరలక్ష్మి లాంటి హిందూ టీచర్లు కూడా నోరు మూసుకుని వేసేవారు. చట్టంలో లేదు, ఏ కాగితంలోనూ లేదు, మానేసిన వాళ్లూ లేరు.

1979లో ఒక నెల లిడియా మానేసింది. భర్త బాలస్వామి ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు, మందులకే జీతం చాలదు. సంచి వైపు చూడకుండా లేచింది.

"దేవుడి సొమ్ము లిడియా," అన్నాడు ఆనంద్ పాల్.

"దేవుడికే ఇస్తానండి. మీ బల్ల మీద కాదు."

అంతే. 'పై అధికారి పట్ల అవిధేయత' అని రాసి సస్పెండ్ చేశాడు. ఆ రెండున్నరేళ్లూ లిడియా కొల్లేటి గట్టున చేపలు ఎండేసే చోట కూలికి వెళ్లింది. బాలస్వామి రెండో వర్షాకాలంలో పోయాడు. ఏలూరు తీసుకెళ్లి చూపిస్తే బతికేవాడని డాక్టరు అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఆ డాక్టరు సొమ్మేం పోయింది?

తర్వాత స్కూళ్ల ఇన్‌స్పెక్టరు విచారణ చేసి, ఆరోపణలు నిలవలేదన్నాడు. ఉద్యోగం మళ్లీ ఇచ్చారు. సస్పెన్షన్ కాలాన్ని ఎలా లెక్కించాలో ఉత్తర్వు ఇవ్వాల్సింది ఆనంద్ పాల్. ఆయన ఇవ్వలేదు. ఈవిడకి అడగాలని తెలియలేదు. ఉద్యోగం వస్తే చాలు, గొడవ తీరినట్టే అనుకుంది.

లెక్క కాగితం పట్టుకుని మళ్లీ ఏలూరు వెళితే భీమశంకరం దారి చెప్పాడు. "ఆరోపణలు నిలవలేదు కాబట్టి యాజమాన్యం ఇప్పటికైనా ఉత్తర్వు ఇవ్వచ్చమ్మా. రెండు రకాలు. 'పెన్షన్ నిమిత్తం మాత్రం లెక్కించవచ్చు' అని రాసినా మీ పెన్షన్ పూర్తవుతుంది. 'సస్పెన్షన్ పూర్తిగా అన్యాయం, కాబట్టి డ్యూటీయే' అని రాస్తే అప్పటి జీతం కూడా వాళ్లు ఇవ్వాలి. ఏదైనా పర్వాలేదు, నేను ఫైలు కదుపుతాను."

ఏదైనా పర్వాలేదన్నది ఆడిట్ వారి మాట. లిడియాకి రెండోదే కావాలి.

లిడియా ఇంటికి వెళ్లేసరికి ఆనంద్ పాల్ డెబ్బై దాటి, చేతికర్రతో, పాలిపోయి ఉన్నాడు. మర్యాదలో మాత్రం లోటు లేదు. కాఫీ తెప్పించాడు. లెక్క కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాతికేళ్ల నాటి మాట. పెన్షన్ నిమిత్తం అని రాసిస్తాను లిడియమ్మా. నీకు రావాల్సింది వస్తుంది."

"నాకు రావాల్సింది అది కాదండి."

"ఇంకేం కావాలి?"

"అన్యాయమని రాయండి."

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "అది రాస్తే యాజమాన్యం తప్పు ఒప్పుకున్నట్టు."

"అందుకేనండి."

రాయనన్నాడు. ఇంటికెళితే జాయ్సీ విరుచుకుపడింది.

"సంతకం పెడతానంటే వద్దని వచ్చావా? నీకు పెన్షన్ కావాలా, పగ కావాలా?"

"మీ నాన్నని పెన్షన్ తేదు కదే," అంది లిడియా.

తల్లి పగ పట్టిందని ఆ అమ్మాయి భయపడింది గానీ, నన్నడిగితే పట్టాల్సిన పగే. లిడియా ఆ లెక్క కాగితానికి ఇన్‌స్పెక్టరు విచారణ నకలు జతచేసి విద్యాశాఖ ఆఫీసుకి ఫిర్యాదు పంపింది. జవాబు లేకపోతే మళ్లీ పంపింది. ఊళ్లో ఎవరైనా "ఇంకా ఆ గొడవేనా టీచరుగారూ" అంటే, "ఇంకా ఆ గొడవేనండి" అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూసినవాళ్లు మళ్లీ అడగలేదు.

చలికాలం వచ్చేసరికి విద్యాశాఖ నుంచి ఆనంద్ పాల్‌కి ఘాటుగా మెమో వెళ్లింది: ఆరోపణలు నిలవనప్పుడు ఆ కాలాన్ని డ్యూటీగా ఎందుకు చూడలేదు, వెంటనే తుది ఉత్తర్వు ఇవ్వండి, లేదంటే స్కూలుకిచ్చే గ్రాంటు సంగతి ఆలోచించాల్సి వస్తుంది. గ్రాంటు మాట వింటే ఏ కరస్పాండెంటుకైనా చెమట పడుతుంది.

లిడియాని రమ్మని కబురొచ్చింది. స్కూలు టీచర్లు జీతాల పుస్తకంలో సంతకాలు పెట్టే రోజు చూసుకుని ఆయన ఇంటికి వెళ్లింది. కావాలనే వెళ్లింది. ముందుగది నిండా టీచర్లు.

"సాయంత్రం రావచ్చుగా," అన్నాడు ఆనంద్ పాల్ మెల్లగా.

"ఇప్పుడే బాగుందండి. చదివి సంతకం పెట్టండి."

"చదవడమెందుకు?"

"నాకు చూపు ఆనడం లేదండి," అంది. పచ్చి అబద్ధం. సూదిలో దారం ఎక్కించే కళ్లవి.

ఆయన చదివాడు. 'లిడియా గారి సస్పెన్షన్ పూర్తిగా అన్యాయమైనదని నిర్ణయించి, ఆ కాలమంతటినీ డ్యూటీగా పరిగణించడమైనది.' టీచర్లందరూ గోడల కేసి చూశారు. సంతకం పెట్టాక, "తృప్తేనా?" అని అడిగాడు.

"ఆడిట్ ఆఫీసుకొకటి, విద్యాశాఖకొకటి, నాకొకటి. ఇంకో రెండు చదివి పెట్టండి," అంది లిడియా.

పెట్టాడు. ప్రతిదీ చదివే పెట్టాడు. లిడియా ప్రతి మాటా ఎండాకాలపు మజ్జిగలా తాగింది. సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. రెండు నెలల్లో భీమశంకరం సవరించిన ఉత్తర్వు పంపాడు. అరవైయారుకి అరవైయారు. పాత పెన్షన్ తేడా సొమ్ము, యాజమాన్యం నుంచి ఆ రెండున్నరేళ్ల జీతం కూడా వచ్చాయి. ఇంట్లో నీడ పట్టున కూర్చుని లిడియా ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. ఇక నిద్ర పడుతుందనుకుంది. పట్టలేదు.

ఆ నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. మనసులో ఎవరి మీదనైనా పగ ఉంటే రొట్టె ముట్టకూడదని ఆ సంఘంలో పట్టింపు. ఇన్నేళ్లూ లిడియా ముట్టుకోలేదు. బల్ల సమయానికి లేచి బయటికి వెళ్లిపోయేది, కడుపునొప్పి అనుకునేవారు. ఈసారి కూర్చుంది. గెలిచిన మనిషి ఎందుకు లేస్తుంది?

పళ్లెం పట్టుకొచ్చింది ఆనంద్ పాలే. సంఘపెద్ద కాబట్టి ఆ పని ఆయనదే. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, ఆవిడ ముందు ఆగాడు.

"తీసుకో అమ్మా," అన్నాడు. ఆ గొంతులో అధికారం లేదు.

లిడియా రొట్టె ముక్కల కేసి చూసింది. చెయ్యి లేవలేదు. ఎండుచేపల వాసన, ఆ వెనకే బాలస్వామి దగ్గు గుర్తొచ్చాయి. లెక్క అంతా సరిపోయింది, కాగితం అన్యాయమని ఒప్పుకుంది, అయినా ఆ మనిషిని చూస్తే కడుపు మండుతూనే ఉంది. ఉన్నదాన్ని లేదని దేవుడి ముందు ఎలా అంటుంది?

"నాకింకా కోపంగానే ఉందండి," అంది మెల్లగా. "వచ్చే నెల చూద్దాం."

ఆయన తల ఊపాడు. ఆవిడ లేచి బయటికి వెళ్లలేదు, అక్కడే కూర్చుంది. పళ్లెం పక్కావిడ దగ్గరికి వెళ్లింది.