ఆయుధపూజ నాడు నేను తీయించిన ప్లగ్గు

నాకు కోపం ఎక్కువ. భయమేస్తే ఇంకా ఎక్కువైతాది, ఎదుటోళ్ళ మీద అరుస్తా. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఆ విజయదశమి రోజు కూడా అరిచినా గానీ, ఎదుటోళ్ళ తప్పు ఏమీ లేదు. తప్పంతా నాదే.

రెండువేల పది ఇంకా రాలేదప్పటికి. అనంతపురంలో నాకొక చిన్న కంప్యూటర్ రిపేరీ అంగడి ఉండేది. ఊర్లో ఒక చిన్న బ్లడ్ బ్యాంకుకు మిషన్లు చూసేది నేనే. రక్తమిచ్చేవాళ్ళ పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు అన్నీ అక్కడ ఒక పాత ప్రోగ్రాములో పెట్టుకొని ఉండిరి. అది పాత విండోస్ మీద తప్ప నడవదు. ఆ పాత డబ్బా ఒకరోజు ఓల్టేజీ దెబ్బకు కాలిపోయింది. అప్పుడు నేను కొత్త మిషన్ తెచ్చి, దాంట్లో లినక్స్ వేసి, లోపల వర్చువల్ మెషీన్ పెట్టి, పాత విండోస్‌ను దాంట్లోకి ఎక్కించినా. అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు చేసే ఏర్పాటన్నమాట. లోపలిదానికి తనకంటూ సొంత డబ్బా ఉన్నట్టే ఉంటాది. ఇది జిల్లాలో ఇంకెవరికీ చేతకాదని చానా దినాలు ఎగిరెగిరి పడినా.

మా పక్క ఆయుధపూజ అంటే పనిముట్టును శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ఆ దినమంతా దాన్ని ముట్టకూడదు. నాగలికైనా లారీకైనా కుట్టు మిషన్‌కైనా అంతే. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేసే అక్క ముందురోజే నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఆ కంప్యూటర్ని మేము ఎప్పుడూ ఆపేదే లేదు గదా, పూజకు ఏం చేయాల?" అని అడిగింది.

నేను పెద్ద తెలిసినోని మాదిరి చెప్పినా. "ఏడాదంతా పనిచేస్తాండాది అక్కా, దానికీ ఒకరోజు సెలవు ఇయ్యండి. ఊరికే ఆపితే చాలదు, తడిగుడ్డతో తుడుస్తారు గదా, షాక్ కొడుతాది. గోడలోంచి ప్లగ్గే పీకేయండి" అన్నా. ఆమె సరేనని అట్లే చేసింది.

పూజ అయిన మరుసటి రోజు, విజయదశమి పొద్దున పదకొండు గంటలకు మళ్ళీ ఆమె ఫోను. ఈసారి గొంతు వేరుగా ఉంది. "అన్నా, జల్దీ రా. లోపలి విండోస్ లేయడం లేదు. ఓ నెగటివ్ కావాల, మా దగ్గర ఒక్క సంచీ కూడా లేదు."

స్కూటర్ మీద ఎట్లా పోయినానో నాకే తెలీదు. పోయేసరికి బయట బెంచీ మీద ఒకాయన కూర్చొని ఉండాడు. బెళుగుప్ప పక్క పల్లె రైతు. చేతిలో నర్సింగ్ హోం చీటీ. తెల్లవారుజామున పెండ్లానికి కాన్పయింది, బిడ్డ బాగుండాది, తల్లికి రక్తం పోయేది ఆగడం లేదు. ఆయన రక్తం కలవదు. నన్ను చూసి లేచి నిలబడి, "సార్, అయితాదా?" అన్నాడు. "అయితాది కూర్చోప్పా" అని కసిరినట్టు చెప్పి లోపలికి పోయినా.

మామూలు గ్రూపైతే బయట నలుగుర్ని పిలిచినా దొరుకుతారు. ఓ నెగటివ్ అట్లా కాదు, ఎవరికుందో ముందే తెలిసుండాల. ఆ తెలిసిందంతా ఆ పెట్టెలో ఉండాది. పాత పుస్తకాలు అటకమీద ఉండినాయి గానీ అవి తేదీల వరసన రాసినవి, గ్రూపుల వరసన కాదు. నర్సమ్మ ఒకామె వాటిని కింద పరుచుకొని పేజీ పేజీ తిప్పుతాండాది. బెంగళూరు నుంచి తెప్పిద్దామంటే దారిలోనే సగం రోజు పోతాది.

మిషన్ ముందర కూర్చున్నా. దాని నెత్తిన పసుపు, కుంకుమ, ఒక చామంతి పువ్వు. లినక్స్ బాగానే లేచింది. లోపలిదాన్ని స్టార్ట్ చేస్తే క్షణంలో ఎర్ర అక్షరాలు, మొదలు కాలేదని. మళ్ళీ నొక్కినా, మళ్ళీ అదే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పేదానికి ఇప్పటికీ సిగ్గేస్తాది. ఆ ఎర్ర అక్షరాలు సరిగ్గా చదవకుండా, ప్రాసెసర్ సాయం లేకుండానే నడిపే పద్ధతి ఒకటి ఉంటే దానికి మార్చినా. అది నత్తనడక నడుస్తాదని తెలుసు. మెమొరీ ఎక్కువిస్తే జోరందుకుంటాదేమో అని, ఐదొందల ఎంబీ ఉన్నదాన్ని రెండు జీబీకి పెంచినా. మిషన్ మొత్తంలో ఉండేదే రెండు జీబీ! బయటిదానికి ఏం మిగులుతాది నా తలకాయ? నిమిషంలో హార్డ్ డిస్కు లైటు ఆగకుండా వెలగబట్టింది. మౌసు కదలదు. కీబోర్డు పలకదు. డబ్బా అంతా బిగుసుకపోయింది.

"ఏమయిందన్నా?" అంది అక్క.

"నువ్వు ఊరికే ఉండు!" అని అరిచినా. వేరే దారి లేక పవర్ బటన్ పట్టుకొని అదిమి ఆపేసినా. లోపలి విండోస్ డిస్కంతా ఒకే ఒక్క పెద్ద ఫైలు. అది చెడిపోయిందంటే పేర్లన్నీ పోయినట్టే. నా దగ్గర సీడీలో కాపీ ఉండాది గానీ దాన్ని చదవాలన్నా ఆ ప్రోగ్రామే కావాల.

మళ్ళీ లేపితే డిస్కు సరిచూసుకుంటా, ఎంత శాతం అయిందో ఒక్కొక్క అంకే పెరుగుతాంది. కిటికీలోంచి చూస్తే ఆ రైతు బెంచీ మీద లేడు, గడప దగ్గరకు వచ్చి నిలబడి నా వీపు చూస్తాండాడు. దేవుడా, ఆమెకేమన్నా అయితే ఈ మనిషి మొగం ఎట్లా చూసేది అనుకున్నా.

డిస్కు బాగానే ఉంది. ఈసారి బుద్ధిగా లాగ్, అంటే ఏం జరిగిందో మిషన్ రాసిపెట్టుకునే ఫైలు, తెరిచి చదివినా. ఒకటే లైను. వర్చువలైజేషన్‌ను, అంటే లోపలిదానికి ప్రాసెసర్ ఇచ్చే సాయాన్ని, బయాస్ ఆపేసింది, అని. బయాస్ అంటే మిషన్ లేచీ లేవంగానే నడిచే మొదటి సెట్టింగులు. అందులో ప్రాసెసర్ పేజీలో నేనే ఏడాది కిందట దాన్ని ఆన్ చేసినా. ఎవరు ఆపినారు?

"అక్కా, పొద్దున ఆన్ చేసినప్పుడు ఏమన్నా వచ్చిందా?"

"ఏందో ఇంగ్లీషు వచ్చింది. ఎఫ్ వన్ నొక్కమన్నాది, నొక్కితిమి. పోయింది."

మూలన తేదీ చూసినా. ఎన్నో ఏండ్లు వెనక్కి పోయి ఉండాది. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటాది. కరెంటు లేనప్పుడు సెట్టింగులను కాపాడేది అదే. అది ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గు గోడలో ఉన్నన్నాళ్ళు ఆ సన్నని కరెంటుతో, కోత పడితే యూపీఎస్‌తో బండి నడిచింది, ఎవరికీ తెలియలేదు. ఆయుధపూజకు ప్లగ్గు పీకినారు. పీకమన్నది నేను.

బయాస్‌లోకి పోయి వర్చువలైజేషన్ ఆన్ చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేసినా. లోపలిది లేయలేదు. లాగ్‌లో మళ్ళీ అదే మాట. అప్పుడు గుర్తొచ్చింది, కొన్ని బోర్డులకు రీస్టార్ట్ చాలదు, పూర్తిగా ఆపి లేపితేనే ఆ మార్పు పడుతాది. తొందరలో ఏం చేసినా? ఆపి, అలవాటుగా ప్లగ్గు కూడా పీకేసినా! పెట్టి ఆన్ చేస్తే మళ్ళీ ఎఫ్ వన్, మళ్ళీ పాత తేదీ, మళ్ళీ అన్నీ మొదటికే. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ప్లగ్గు ఉంచి బటన్‌తో ఆపొచ్చు. కానీ పొద్దుట్నుంచి కరెంటు వస్తా పోతా ఉండి, యూపీఎస్ కూడా అయిపోయింది. జనరేటర్ రక్తం ఫ్రిజ్‌లకు మటుకే. మధ్యలో ఒక్కసారి కరెంటు పోతే మళ్ళీ సెట్టింగులన్నీ పోతాయి. బ్యాటరీ కావాల. పండగ పూట అంగళ్ళన్నీ మూసినారు. నా అంగడిలో కూడా ఆ సైజుది అయిపోయింది.

ఆ సమయంలో అక్క నేను పీకి బల్ల మీద పెట్టిన బిళ్ళను చేతిలోకి తీసుకొని చూసింది. "అన్నా, ఇట్లాంటిదే మా బరువు మిషన్‌లో ఉంటాది. పోయిన నెల నేనే మార్చినా."

రక్తమిచ్చేవాళ్ళను తూచే మిషన్ అది. తిరగేసి మూత తీసినా. అదే సైజు! ఇంతకుముందు ఎవరి మీద అరిచినానో ఆ అక్కే నా పరువు కాపాడింది.

కొత్త బిళ్ళ బిగించి, తేదీ సరిచేసి, వర్చువలైజేషన్ ఆన్ చేసి, సేవ్ చేసినా. బటన్‌తో పూర్తిగా ఆపి, నెమ్మదిగా ముప్పై దాకా లెక్కబెట్టినా. ఆ ముప్పై అంకెలు నా జన్మలో అంత పొడుగ్గా ఎప్పుడూ లేవు. మళ్ళీ ఆన్ చేసి, లోపలిదానికి ప్రాసెసర్ సాయం తిరిగి ఇచ్చి, మెమొరీ ఐదొందలకు తగ్గించి, స్టార్ట్ నొక్కినా. నల్లగా ఉండి, ఉండి, విండోస్ బొమ్మ వచ్చింది. "సరిగ్గా మూయలేదు" అని సణిగి, డిస్కు చూసుకొని, లేచింది. నేను ఏడ్చేసినా. అక్క చూసీ చూడనట్టు కుర్చీ లాక్కొని కూర్చొని, గ్రూపు పెట్టి వెతికింది.

ఐదు పేర్లు వచ్చినాయి. మొదటి నంబరు పలకలేదు. రెండో ఆయన వేరే ఊర్లో ఉండాడు. మూడోది ముదిగుబ్బ ఊరిది. ఒక ఆమె ఎత్తింది, గొర్రెల కాడ ఉండాదంట. "ఇప్పుడే వస్తా, మా తమ్ముని బండి ఉండాది" అంది, ఎందుకు, ఎవరికి అని కూడా అడగలేదు. నాలుగో ఆయన ఊర్లోనే దొరికినాడు. ఇద్దరూ వచ్చినారు. పరీక్షలు చేసి, కలుస్తాదో లేదో చూసి, రెండు సంచులు పంపినారు. సాయంత్రానికి నర్సింగ్ హోం నుంచి కబురు వచ్చింది, రక్తం కట్టింది, ఆమె కండ్లు తెరిచిందని.

పది పన్నెండు రోజులకు ఆ రైతు మా అంగడికి వచ్చినాడు. నా రెండు చేతులు పట్టుకొని, "మా ఇంటిదాన్ని బతికించినావన్నా. దేవుని గూట్లో నీకొక దీపం పెడతాంది రోజూ" అన్నాడు.

ఆ పూట ఊరికే ఉండుంటే సరిపోయేది. ఉండలేకపోయినా. "ఏమప్పా, ఒక మాట. ఆ మిషన్ ఆగిపోయింది నా వల్లే. ప్లగ్గు పీకమన్నది నేనే. ఆ బిళ్ళ చచ్చిందని చూసుకోవాల్సింది నేనే. రెండు గంటలు నేను పోగొట్టినా" అని చెప్పేసినా.

చేతులు వదిలేసినాడు. బయట చెప్పుల కాడికి పోయినాడు. తిడతాడనుకున్నా, కొడతాడనుకున్నా, కొట్టినా పడేదానికి సిద్ధంగా ఉన్నా.

చెప్పులు వేసుకుంటా, నా మొగం చూడకుండా అన్నాడు, "ఈ మాట మా ఇంటిదానికి చెప్పొద్దన్నా. దీపం పెట్టుకోనీ."