ఐదింటిలోపు ఇవ్వాల్సిన ఫారం

కుట్టు మిషన్ల మెకానిక్‌ని ఫ్యాక్టరీలో అందరూ 'గురువుగారూ' అని పిలిచేవాళ్లు. మిషన్లు బాగుచేస్తాడని కాదు. అడగని వాడిక్కూడా షేర్ల గురించి క్లాసు పీకుతాడని.

కాలర్లు కుట్టే అక్క పదకొండేళ్లపాటు మామూలు పీఎఫ్ కోత మీద జీతంలో ఇంకో పది శాతం ఇష్టపూర్వకంగా కోయించుకునేది. పోయినేడు దాన్ని ఆపించింది ఈ మహానుభావుడే.

"కంపెనీ వాటా వేసేది మామూలు కోతకే అక్కా! ఈ పైదానికి పైసా కలపదు. ఉత్త వడ్డీ కోసం నత్తలా పాకుతావేంటి?"

ఆ డబ్బుతో ఆమె ఫోన్లో తనే షేర్లు కొనిపెట్టాడు. ఏడాది తిరక్కుండానే రూపాయికి అర్ధరూపాయి మిగిలింది. ఫోన్లో ఆ లెక్కలు అర్థంకాక ఆమె అడిగినప్పుడల్లా మాత్రం "బ్రహ్మాండం అక్కా" అనేవాడు.

ఈరోజు పొద్దున గేటు దగ్గర నోటీసు పెట్టారు: అదనపు పీఎఫ్ కోత మార్చుకునేవాళ్లు సాయంత్రం ఐదింటిలోపు ఫారం ఇవ్వాలి. మళ్లీ వచ్చే ఏడాదే. అక్క దాన్ని చదివి, "మనకెందుకులే" అని లోపలికెళ్లిపోయింది.

అది విన్నాక అతను ఒకే స్క్రూని మూడుసార్లు బిగించి విప్పాడు. నోరు మూసుకుంటే ఆమెకి ఇంకో ఏడాది పోతుంది. రిటైరయ్యేందుకు ఉన్నవే ఎనిమిదేళ్లు.

నాలుగున్నరకి ఆమె మిషన్ పక్కన నిలబడ్డాడు. "అక్కా, సగం పోయాయి."

"ఏం సగం? సూదులా?"

"నీ డబ్బులు. నాలుగు నెలలైంది. చెప్పలేదు."

మిషన్ ఆగింది. అతను తలెత్తలేదు.

"మరి రోజూ బ్రహ్మాండం అన్నావు?"

"సిగ్గేసి."

"నా డబ్బు మునిగితే నీకు సిగ్గేసిందా? బావుంది నాయనా!" కాలర్ని పక్కన పడేసింది. "అసలు పీఎఫ్?"

"దాన్ని నేను తాకలేను కదక్కా. నీ కోత, కంపెనీ వాటా, పదకొండేళ్ల అదనం అన్నీ అలాగే ఉన్నాయి. వడ్డీ మీద వడ్డీ పడుతూనే ఉంది. ఏటా ప్రకటించే వడ్డీ కాస్త అటూ ఇటూ అవుతుందేమోగానీ, అక్కడ ఇలా సగం ఊడదు."

"ఈ ముక్క పోయినేడు చెప్పడానికి నోరు రాలేదా?"

"ఇంకా టైముందక్కా, ఐదింటిలోపు ఫారం ఇచ్చేద్దాం పద," అన్నాడు. ఆఫీసుకి ఇద్దరూ దాదాపు పరిగెత్తారు. క్లర్కమ్మ దగ్గర అక్క ఫారం తీసుకుంది. అలవాటు కొద్దీ మెకానిక్ జేబులోంచి పెన్ను తీశాడు. "ఇలా ఇవ్వక్కా, నేను నింపుతా."

అక్క ఫారం వెనక్కి లాక్కుని క్లర్కమ్మకి ఇచ్చింది.

"అమ్మా, మీరే నింపండి. పది కాదు, పన్నెండు శాతం వేయండి. పోయింది పూడాలి. సంతకం పెట్టేముందు ఒకసారి పైకి చదివి వినిపించండి."

క్లర్కమ్మ చదువుతోంది. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. గురువుగారు పెన్ను క్యాప్ పెట్టాడు, తీశాడు. చెవులు కాలిపోతున్నాయి.

సంతకం చేసి అక్క వెళ్లిపోయింది. రమ్మని అతన్ని పిలవలేదు.

"మీకేం కావాలండీ?" అంది క్లర్కమ్మ. "మీరెప్పుడూ అదనంగా ఏం వేయించలేదే."

ఐదుకి నాలుగు నిమిషాలుంది.

"ఒక ఫారం ఇవ్వండి," అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా.