కల్లంలో నేను పెట్టిన పంచాయతీ

రెండే రోజుల్లో ముగ్గురు ఆడపిల్లల ముందు ముద్దాయిగా నిలబడి, చిన్ననాటి స్నేహితుడి చేత మొహం తిప్పించుకుని, కట్టుకున్న ఇల్లాలి చేత "బాగా అయింది" అనిపించుకున్న మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఇదిగో, నేనున్నాను. నిరుడు మిరపకాయల కాలంలో జరిగిందిది. అప్పటికింకా డెబ్బై దాటిన కుర్రతనం, దూకుడెక్కువ.

మాది వినుకొండ పక్క పల్లె. నేను బడికి పోయినవాణ్ణి కాను. పకోడీలు కట్టిన కాగితాలూ, ఎరువు బస్తాల మీది రాతలూ చదివి అక్షరం నేర్చుకున్నాను. అందుకే అచ్చులో కనబడినా, చేత్తో రాసినా, రాసి ఉన్నదంతా నిజమేననే నమ్మకం నాకు. నా కొంప ముంచింది ఆ నమ్మకమే.

మా మనవరాలు లహరి తొమ్మిదో తరగతి. ఉన్నట్టుండి అన్నం డబ్బా తీసుకెళ్ళినట్టే తిరిగి తేవడం మొదలుపెట్టింది. ఒకరోజు, "టెన్త్ ఇక్కడ చదవను, గుంటూరు హాస్టల్లో వేసెయ్యండి" అంది. ఆ పిల్ల లేకపోతే ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరు? రేడియో కూడా మధ్యలో గరగరమంటుంది.

"ఎవరే కొట్టింది?"

"ఎవరూ కొట్టలేదు. జెస్సీ నాతో మాట్లాడటం లేదు."

జెస్సీ అంటే నా స్నేహితుడు దానియేలు మనవరాలు. నేనూ దానియేలూ పక్కపక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తూ ముసలివాళ్ళమయ్యాం. ఈ పిల్లలిద్దరూ ఆ కాయల మధ్యే పెరిగారు.

"కొట్టలేదు, తిట్టలేదు. మరి ఏడుపెందుకే?"

"అందుకే ఏడుపు తాతయ్యా! తిడితే మేడంకి చెప్పొచ్చు. మాట్లాడకపోతే ఏమని చెప్పాలి? నేను వెళ్ళగానే నవ్వులు ఆగిపోతాయి. ఫోన్‌లో మెసేజ్ పెడితే చూస్తారు, జవాబివ్వరు. నన్ను వదిలేసి కొత్త గ్రూపు పెట్టుకున్నారు. మొన్నటిదాకా జెస్సీకి పడని భవ్య ఇప్పుడు నా చోట్లో కూర్చుంటోంది."

కొత్త గ్రూపంటే నాకు రక్తం గ్రూపే తెలుసు. అయినా తల ఊపాను.

బళ్ళో సోషల్ మేడం ఒక ఉపాయం చెప్పారట. తొందరపడి ఎవర్నీ నిలదీయొద్దు, కొన్నాళ్ళు రాసుకో అన్నారట. లహరి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పేజీకి నాలుగు గడులు.

"ఇది నేను కళ్ళతో చూసింది. ఇది విన్నది, ఎవరు చెప్పారో, వాళ్ళకెవరు చెప్పారో దాంతో సహా. ఇది నేను అనుకున్నది. ఇది ఆ పూట నేను చేసింది."

"నువ్వు చేసిందెందుకు? తప్పు వాళ్ళదైతే!"

"నేనూ గుంపులో మనిషినేగా. పేర్లు రాయకూడదు, అక్షరాలే. ఎవరైనా బెదిరించినా, ఫొటోలు పెట్టినా మాత్రం రాస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దవాళ్ళకి చెప్పాలి. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. ఇది ఎవరికో చూపించి నేరం మోపడానికి కాదు, ఏం జరుగుతోందో నాకు అర్థం కావడానికి. విన్నావా తాతయ్యా?"

విన్నాను. ఈ చెవితో.

కళ్ళజోడు సర్దుకుని చదివాను. చూసింది: "అన్నాల బెల్. నేను కూర్చోగానే జ మాట ఆపేసింది. డబ్బా తీసుకుని పక్క బల్లకి వెళ్ళింది. భ అటూ ఇటూ చూసి తనూ వెళ్ళింది." విన్నది: "జ చీటీ పెట్టి పరీక్ష రాసిందని నేను మేడంకి చెప్పానట. నాకు చెప్పింది క. కకి చెప్పింది భ. భకి ఎవరు చెప్పారో తెలియదు." అనుకున్నది: "జయే ఈ మాట పుట్టించిందేమో?" నేను చేసింది: "సాయంత్రం జ నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను."

మీరే చెప్పండి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ "ఏమో"నీ, దాని పక్కనున్న ప్రశ్న గుర్తు కొక్కేన్నీ నేను ఈగను తోలినట్టు తోలేశాను.

మా వైపు రెండిళ్ళ మధ్య మాటల్లేకపోతే పెద్దమనిషి వెళ్ళి కూర్చోబెట్టడం ఆచారం. కండువా భుజాన వేసుకుని, ఎన్నికల్లో నిలబడ్డవాడిలా దానియేలు కల్లానికి నడిచాను. రంగు వెలిసిన తాలు కాయలు ఏరే ఆడవాళ్ళందరూ చేతులు ఆపి చూశారు.

"ఏరా దానియేలూ! మీ జెస్సీ మా పిల్ల మీద లేనిపోని మాట పుట్టించిందంటగా!"

"ఎవర్రా చెప్పింది?"

"రాసి ఉంది!"

"ఎవరు రాశారు?"

"మా లహరే!"

"ఒరేయ్ సుబ్బయ్యా, వాదివి నువ్వే, సాక్షివి నువ్వే, జడ్జివీ నువ్వేనా? నడువ్ నడువ్!"

అంతే. ఆ సాయంత్రం నుంచి దానియేలు నాతో మాట మానేశాడు. కాయల మీద కప్పే పట్టా మడతపెట్టడానికి రెండో కొస నన్ను పట్టమనేవాడు, ఇప్పుడు ఆ కొస మీద రాయి పెట్టుకున్నాడు. అందరినీ టీకి పిలిచి, నా దగ్గరికొచ్చేసరికి ఆకాశంలో మబ్బు వెతికాడు. తిట్టినా బావుండేది. అప్పుడు తెలిసింది, మాటల్లేకపోవడమంటే మిరపఘాటులాంటిదని. ఎక్కడ తగిలిందో చూపించలేం, కళ్ళనీళ్ళు మాత్రం ఆగవు.

సంగతి తెలిసి మా ఇంటావిడ "బాగా అయింది" అంది. లహరి నన్ను నిప్పులో వేసినంత పని చేసింది. "అనుకున్న గడిలోది చూసినట్టు చెప్పావా! మేడం వద్దన్నదే చేశావు తాతయ్యా!"

మర్నాడు అది చేసిన పని నేనైతే చేయలేను. జెస్సీ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, కళ్ళతో చూసింది మాత్రమే చెప్పిందట. "నువ్వు డబ్బా తీసుకుని వెళ్ళిపోయావు. ఎందుకో నాకు తెలీదు. నేనూ తల తిప్పుకున్నాను, తప్పే. మా తాత చేసిందానికి సారీ. ఏమైందో చెప్తావా?" జెస్సీ బావురుమంది. చీటీ సంగతి మేడం తనే పట్టుకున్నారు, కానీ భవ్య వచ్చి లహరే చెప్పిందనేసరికి నమ్మేసింది. ఇద్దరూ భవ్యని అడిగారు. ఆ పిల్లా ఏడ్చింది. ఎప్పుడూ బల్ల చివర కూర్చునే తనకి, ఆ మాట మోసుకెళ్ళాక మధ్యలో చోటు దొరికిందట. "పుట్టించింది నేను కాదు, మా అమ్మ అంది" అందట.

సాయంత్రం ముగ్గురూ పుస్తకం పట్టుకుని మా కల్లానికి వచ్చారు. భవ్య వాళ్ళమ్మ రమణమ్మ మా దగ్గరే తాలు ఏరుతోంది. గోడ అవతల దానియేలు.

"రమణమ్మత్తా, లహరి మేడంకి చెప్పిందని నీతో ఎవరన్నారు?" అడిగింది జెస్సీ.

"చెప్పిందని కాదే, అన్నీ మేడంకి మోసే పిల్లంట అన్నాను."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. "ఇంకెవరు, బాబాయే! మొన్న ఇక్కడే అన్నాడుగా, మా లహరి ముందు ఎవడైనా చీటీ తీస్తే పోలీసులా తిన్నగా మేడం దగ్గరికెళ్తుందని!"

అన్నాను. మనవరాలి నిజాయితీ గురించి నలుగురిలో గొప్పకి అన్నాను. అది నోటికో రంగు పూసుకుని, బడిదాకా వెళ్ళి, నా పిల్ల డబ్బాలో అన్నం మిగిల్చింది.

గోడ అవతల నుంచి దానియేలు గొంతు: "రాసుకోండమ్మా, రాసుకోండి! చివరి అక్షరం సు!" తర్వాత వాడి నవ్వు. ఆ నవ్వు వినబడ్డాక నాకు ఊపిరాడింది.

ముగ్గురూ నన్ను వెలేస్తారనుకున్నాను. జెస్సీ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "తాగు తాతయ్యా, మొహం తాలుకాయలా తెల్లబడింది." నాతో ముందు మాట్లాడింది ఆ పిల్లే. నేను నేరం మోపిన పిల్ల. ఆ నీళ్ళ రుణం, ఆ నాలుగు గడుల రుణం నేను తీర్చుకోలేను. లహరి గుంటూరు వెళ్ళలేదు. డబ్బా ఖాళీగా వస్తోంది, ముగ్గురూ కలిసి తింటున్నారు.

ఆ వేళ మిరపరాశి మీద చెయ్యిపెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "పిల్లల సంగతి కల్లంలో ఎత్తను, పంచాయతీ పెట్టను, మనవరాలి గొప్ప చెప్పను. రాసుకోవే లహరీ!"

రాసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నా ప్రమాణాన్ని "విన్నది" గడిలో రాసింది.

"ఇదేంటే?"

"కళ్ళతో చూశాక మొదటి గడిలోకి మారుస్తాలే తాతయ్యా."

ఏడాదైంది. ఇంకా మార్చలేదు.