అవును, నేను తెరవలేదు

ఆ రోజుల్లో ఇంగ్లీషు చెప్పే టీచర్లకు కాస్త పొగరుండేది. నాకు ఇంకాస్త ఎక్కువే ఉండేది. తిరుపతిలో చదువు ముగించి, డెబ్బైల చివర్లో పూతలపట్టు దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో చేరాను. హాస్టల్లోనే ఒక గది ఇచ్చారు. నా ఎర్ర సిరా పెన్ను చూస్తే పిల్లలకు హడల్. ఒక పిల్ల 'నాకు ఈత రాదు' అంటే పక్క పిల్ల 'నాకూ రాదు' అంటుంది కదా, దాన్ని ఇంగ్లీషులో 'మీ టూ' అని రాస్తే అడ్డంగా గీత కొట్టేదాన్ని. అవతలివాళ్లు లేదన్నప్పుడు 'మీ నీదర్' అనాలి, 'టూ' పనికిరాదు అని గొంతు చించుకునేదాన్ని. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మనకు ఉందన్నా లేదన్నా 'నాకూ' ఒకటే కదా మేడం, వాళ్లకెందుకు రెండు?" అని అడిగింది. నోరు మూసుకుని కూర్చోమన్నాను. జవాబు తెలియక అలా కసిరాను.

హాస్టల్లో వంట చేసే అక్కది ఐరాల ఊరు. పదకొండేళ్లుగా అక్కడే వండుతోంది. వంటింటి వెనక గదిలోనే కాపురం. ఆమెకు సాయంగా పిండి రుబ్బే ఒక పెద్దామె ఉండేది. ఒక వారం స్టోరు రూములో రెండు కందిపప్పు మూటలు కనిపించలేదు. తాళంచెవులు రెండు. ఒకటి వంటక్క కొంగు ముడిలో, రెండోది ఆఫీసు బీరువాలో. బీరువాను ఎవరూ అనుమానించలేదు. కొంగు ముడిమీదే ఫిర్యాదు వెళ్లింది. నేరం రుజువైతే ఉద్యోగంతో పాటు ఆ గదీ పోతుంది.

విచారణకు చిత్తూరు నుంచి ఒక ఆఫీసరు, ఆయన వెంట ఒక టైపిస్టు వచ్చారు. భోజనాల హాల్లో బల్ల వేశారు. ఆఫీసరు ప్రశ్నలన్నీ ముందే ఇంగ్లీషులో కొట్టించుకుని తెచ్చుకున్నాడు. వాటిని తెలుగులో అడుగుతాడు, వచ్చిన జవాబును ఇంగ్లీషులో చెబుతాడు, టైపిస్టు కొడతాడు. చివర్లో ఆ కాగితాన్ని ఆడవాళ్లకు తెలుగులో చదివి వినిపించి, విని ఒప్పుకున్నారని కింద సంతకం పెట్టడం నా పని. అది ఎప్పుడూ ఉన్న పద్ధతే. చదవకుండా సంతకం పెట్టేయడం కూడా ఎప్పుడూ ఉన్న పద్ధతే.

"శుక్రవారం సాయంత్రం నువ్వు స్టోరు రూము తెరవలేదు, అంతేనా?" అని అడిగాడు ఆఫీసరు.

"అవునయ్యా," అంది వంటక్క, తల గట్టిగా ఊపి.

"యెస్," అన్నాడు ఆయన టైపిస్టుతో. తర్వాత పెద్దామె వైపు తిరిగి, "నువ్వు?" అన్నాడు.

"నేనూ అంతేనయ్యా."

"ఐ ఆల్సో."

కాగితం నా చేతికొచ్చింది. ఆయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. అదృష్టం బాగుండి నేను చదివాను. ప్రశ్న దగ్గర 'డిడ్ యు నాట్ ఓపెన్' అని ఉంది. జవాబు దగ్గర 'యెస్' అని ఉంది. దాని కింద పెద్దామె 'నేను కూడా' అంటోంది. ఇంగ్లీషు తెలిసిన పై అధికారి ఎవరు చదివినా, వంటక్క తాళం తీసిందని, పెద్దామె తోడు వెళ్లిందని అనుకుంటారు. కింద ఇద్దరి వేలిముద్రలూ, నా సంతకమూ పడితే ఇక అదే సాక్ష్యం.

"సార్, ఈ జవాబు తప్పు," అన్నాను.

"ఆమె అవునన్నది. అవునంటే యెస్. ఇంగ్లీషు టీచరు మీరే కదా?" అన్నాడు.

ఆ మాటకు ఒళ్లు మండింది. "సార్, మీరింకా భోంచెయ్యలేదు కదా?" అన్నాను.

"అవును," అన్నాడు విసుగ్గా.

"ఆ అవునుకు యెస్ అని కొట్టిస్తే, కాగితం మీద మీరు భోంచేసినట్టు సార్. వంటక్క మీకు ఆకు కూడా వెయ్యదు."

టైపిస్టు తల దించుకుని నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. నాకేమో ఆ క్షణంలోనే ఎనిమిదో తరగతి పిల్లకు ఇవ్వాల్సిన జవాబు దొరికింది. మన అవును ఎదుటి మనిషి మాటకు జవాబు: నువ్వన్నది నిజమే అని చెబుతుంది. వాళ్ల యెస్, నో ఎదుటి మాటను పట్టించుకోవు. పని జరిగితే యెస్, జరగకపోతే నో. మన 'నాకూ' పక్కన 'రాదు' లాంటి క్రియ ఉంటుంది, లేదనే పని అదే చూసుకుంటుంది. వాళ్లు ఆ క్రియను వదిలేసి చిన్నగా చెబుతారు కాబట్టి, లేదనే సంగతి 'నీదర్' అనే ఆ చిన్న మాటలోనే పెట్టుకోవాలి. ఎవరి పద్ధతి వాళ్లది. ఒకదాన్ని ఇంకొకదాని నోట్లో కుక్కితేనే మనిషి కొంప మునుగుతుంది.

"సరే, ఆమెనే కాదు అనమనండి. నో అని కొట్టిస్తా," అన్నాడు ఆఫీసరు.

వంటక్క లేచి నిలబడింది. "కాదని ఎట్ల సెప్పేదయ్యా? మీరు తెరవలేదు అంటిరి. నేను కాదంటే తెరిసినట్ల కదా! సెయ్యని పని సేసినానని నా నోటితోనే సెప్పమంటావా?"

"ఇది ఇంగ్లీషు కోసం అమ్మా!"

"ఇంగ్లీషు కోసం నేను దొంగను కావాల్నా?"

పెద్దామె కూడా లేచి, "నేనూ అనను అయ్యా," అంది.

ఆఫీసరు నావైపు తిరిగాడు. "మీ సర్వీసు ఇంకా రెగ్యులర్ కాలేదు, గుర్తుందా? సంతకం పెట్టండి, బస్సుకు టైమైంది."

"పెట్టను సార్," అన్నాను. కాగితం ఆయన ముందుకే జరిపాను.

దారి చూపించింది వంటక్కే. "అవునూ వద్దు, కాదూ వద్దు. మాట పూరాగా రాయమను టీచరమ్మా. స్టోరు రూము నేను తెరవలేదు. అంతే."

టైపిస్టు ఆఫీసరు ముఖం కూడా చూడకుండా కొత్త కాగితం ఎక్కించాడు. రెండు జవాబులూ పూర్తి వాక్యాలుగా కొట్టాడు. దాన్ని చదివి వినిపించి నేను సంతకం పెట్టాను. ఆఫీసరుకు బస్సు తప్పిపోయింది. వంటక్క ఆకు వేసి అన్నం వడ్డించింది.

వంటక్క ఉద్యోగం నిలిచింది. మూటలు ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు, బీరువా తాళంచెవిని ఎవరూ ప్రశ్నలడగలేదు. నేను క్లాసుకు వెళ్లి, ఆ ఎనిమిదో తరగతి పిల్లకు అందరి ముందూ జవాబు చెప్పాను. మొన్న కసిరినందుకు తప్పు నాదేనన్నాను.

నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. విచారణకు అడ్డుపడ్డానట. కింద ఇంగ్లీషులో ఒక ప్రశ్న: మీ ప్రవర్తనకు మీరు పశ్చాత్తాపపడటం లేదా? యెస్ గానీ నో గానీ రాయమన్నారు. సర్వీసు రెగ్యులర్ కావడం దాని మీదే ఆధారపడి ఉంది. తర్వాత అది ఏడాది ఆలస్యమైంది కూడా.

ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, తెలుగులో చదివి వినిపించాను. నో అని ఒక్క మాట రాస్తే ఇంగ్లీషు ప్రకారం సరిపోయేది. కానీ నాకు ఒక్క మాట చాలలేదు. నేను పశ్చాత్తాపపడటం లేదు అని తెలుగులో, పూర్తిగా, ఎర్ర సిరాతో రాశాను.

వంటక్క చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"దాని కిందనే రాయి టీచరమ్మా," అంది. "నేనూ పడటం లేదని."

రాశాను. ఆమె వేలిముద్ర వేసింది.