తొమ్మిది పేజీల వెనక దాగిన పని

యూనివర్సిటీ వదిలి కంపెనీ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్న రోజుల్లో, పలాస నెట్ సెంటర్‌లో నా బయోడేటా ప్రింటు తీయించాను. పదకొండు పేజీలు, తొమ్మిదింటి నిండా అచ్చయిన నా పరిశోధనా పత్రాల జాబితాయే. జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న మా బావ అంతా తిరగేసి, "ఇన్ని రాసేవు గానీ, నువ్వు సేసిందేటి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "జీడిగింజలకు ఆవిరి పట్టే సమయం మార్చి, ఒలిచేటప్పుడు పప్పు విరగడం తగ్గించాను" అన్నాను.

"అది ముందెట్టు."

ఆ వాక్యాన్నే పైన పెట్టాను. పత్రాల్లో మూడే ఉంచాను. మొత్తం రెండు పేజీలకు దిగింది. బావ మొదటి వాక్యం మళ్లీ చదివి, మెల్లగా అడిగాడు.

"ఇన్నేళ్లూ ఇది మాకు సెప్పనేదేటి?"